ఒకే వార్త, రెండు హెడ్డింగులు: టీనేజర్ల అభిప్రాయాలపై మీడియా ప్రాజెక్టు ఎలా చేయాలి

"వార్తల హెడ్డింగులు, మీమ్స్, ప్రకటనలు టీనేజర్ల అభిప్రాయాలపై చూపే ప్రభావం" అని ప్రాజెక్టు అంశం ఇవ్వగానే చాలామంది ముందుగా ఒక ఆన్‌లైన్ ఫారం తయారుచేస్తారు. అందులో "హెడ్డింగులు మీ అభిప్రాయాన్ని మారుస్తాయా? అవును, కాదు, కొంతవరకు" అని అడుగుతారు. దాన్ని క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. వచ్చిన జవాబులతో రంగురంగుల గుండ్రటి చార్టు గీసి "62 శాతం మంది కొంతవరకు అన్నారు" అని రాసేస్తారు. ఆ చార్టు చెప్పేది హెడ్డింగుల గురించి కాదు. తమ గురించి తాము ఏమనుకుంటున్నారో మాత్రమే చెబుతుంది. మనమీద ఏ మాట పనిచేసిందో మనకు తెలియకపోవడమే ప్రభావం అసలు లక్షణం. కాబట్టి ఆ సంగతి మనిషిని అడిగి తెలుసుకోలేం.

తెలుసుకోవడానికి వేరే దారి ఉంది. ఒకే విషయాన్ని సగంమందికి ఒక రకంగా, మిగతా సగంమందికి ఇంకో రకంగా చూపించాలి. ఆ తర్వాత అందరినీ ఒకే ప్రశ్న అడిగి రెండు గుంపుల జవాబుల మధ్య తేడా చూడాలి. ఇంటర్ లేదా డిగ్రీ విద్యార్థులు ఒక తరగతి గదిలో, అరవై మందితో, నూట ఇరవై జిరాక్సు కాగితాలతో ఈ పని చేయవచ్చు. ముందు హెడ్డింగుతో ఎలా చేయాలో పూర్తిగా చెబుతాను. అది చేతికి వస్తే మీమ్స్‌కీ ప్రకటనలకీ అదే పద్ధతి కొద్ది మార్పులతో సరిపోతుంది.

అంశాన్ని ఒక ప్రశ్నకు కుదించండి

"ప్రభావం" అనే మాటను కొలవలేం. "ఒకే వార్తకు రెండు వేర్వేరు హెడ్డింగులు పెడితే, వార్త మొత్తం చదివిన తర్వాత కూడా ఆ నిర్ణయం మీద మా కాలేజీ సెకండియర్ విద్యార్థుల అభిప్రాయంలో తేడా ఉంటుందా?" అన్న ప్రశ్నను కొలవవచ్చు. ఇందులో "వార్త మొత్తం చదివిన తర్వాత కూడా" అన్న ముక్క ముఖ్యం. హెడ్డింగు మాత్రమే చూసినవాళ్లు దాని వెంట పోవడంలో వింత లేదు. కింద వార్తంతా చదివాక కూడా హెడ్డింగు ముద్ర మిగులుతుందా అన్నదే తెలుసుకోదగ్గ విషయం.

పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో ఉల్‌రిచ్ ఎకర్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఇలాంటివే. అవాస్తవం కాకపోయినా పాఠకుణ్ని ఒకవైపుకు తిప్పే హెడ్డింగు ఉంటే, వార్త చదివాక కూడా దాని ముద్ర జ్ఞాపకం మీదా, పాఠకుడు చేసే ఊహల మీదా ఉంటుందని వాళ్లు చూపారు. మీ రిపోర్టులో "ఇంతకుముందు జరిగిన పరిశోధన" అన్న భాగానికి ఇది మంచి మొదలు.

వార్త మీరే రాయండి

పేపర్లో వచ్చిన వార్త తీసుకుంటే చిక్కులు వస్తాయి. కొందరు దాన్ని ముందే చదివి ఉంటారు. రాజకీయ వార్త అయితే ఇంట్లో విన్న మాటలే జవాబులుగా వస్తాయి. సినిమా వార్త అయితే అభిమానం రాస్తుంది. "కాలేజీలో ఫోన్లు నిషేధించాలా?" లాంటి అంశం కూడా పనికిరాదు. దానిమీద విద్యార్థులందరికీ గట్టి అభిప్రాయం ముందే ఉంటుంది కనుక ఏ హెడ్డింగు పెట్టినా అంతా "వద్దు" అనే రాస్తారు, తేడా కనపడే చోటే ఉండదు. రెండువైపులా న్యాయం ఉండి, చదివేవాళ్లు ఇంకా ఎటూ తేల్చుకోని విషయం కావాలి. ఊరి పేరు లేని చిన్న మున్సిపల్ వార్త ఇందుకు చక్కగా సరిపోతుంది. ఉదాహరణకు ఇది చూడండి:

"పట్టణంలోని పెద్ద చెరువు గట్టుపై నడకదారి, పిల్లల పార్కు నిర్మించాలని మున్సిపల్ కౌన్సిల్ సోమవారం తీర్మానించింది. పనుల కోసం గట్టుపై ఉన్న 40 తోపుడు బండ్లను తొలగిస్తారు. బండ్ల యజమానులకు వారపు సంత పక్కన స్థలం కేటాయించి, నీళ్లు, లైట్లు ఏర్పాటు చేస్తామని కమిషనర్ చెప్పారు. సంత దగ్గరికి సాయంత్రం జనం రారని, బేరాలు పడిపోతాయని బండ్ల యజమానుల సంఘం అభ్యంతరం తెలిపింది. గట్టుపై నడిచే చోటు లేక రోడ్డు మీదకు వెళ్లాల్సి వస్తోందని ఉదయపు నడకకు వచ్చేవారు గతంలో వినతిపత్రం ఇచ్చారు. పనులు మూడు నెలల్లో మొదలవుతాయి."

ఇందులో పార్కుకు అనుకూలమైన వాక్యాలూ, వ్యతిరేకమైన వాక్యాలూ దాదాపు సమంగా ఉన్నాయి. వార్తే ఒకవైపు ఒరిగి ఉంటే హెడ్డింగు చేసే పని దాని కింద మునిగిపోతుంది. కాగితం మీద ఏ నిజమైన పత్రిక పేరూ, లోగో, ఫొటో పెట్టకండి. పత్రిక మీద ఉండే నమ్మకమో అపనమ్మకమో జవాబుల్లోకి దూరుతుంది. పైగా లేని వార్తను ఉన్న పత్రికకు అంటగట్టినట్టు అవుతుంది.

రెండు హెడ్డింగులు రాయడం

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన పని ఇదే. తెలుగు పత్రికల్లో హెడ్డింగు పెట్టేది సాధారణంగా వార్త రాసిన విలేకరి కాదు, డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్. ఆయన చేతిలో ఉండేది నాలుగైదు మాటల చోటు. అందుకే మన హెడ్డింగుల్లో క్రియ తరచుగా మాయమవుతుంది. చివర ఒక నామవాచకం మాత్రం మిగులుతుంది: "పచ్చజెండా", "షాక్", "కలకలం", "ఎసరు", "ఊరట", "పైచేయి". ఎవరు చేశారో, ఏం చేశారో పక్కకు పోతుంది. తీర్పు మాత్రం ఆ చివరి మాటలో కూర్చుంటుంది. ఒక నెల రోజుల జిల్లా పేజీలు ముందేసుకుని అలాంటి చివరి మాటలను ఒక నోటుబుక్కులో రాసుకోండి. మీ ప్రయోగానికి కావలసిన సరుకు అందులోనే దొరుకుతుంది.

మన చెరువు వార్తకు ఇలా పెట్టవచ్చు.

మొదటిది: "పెద్ద చెరువు గట్టుకు కొత్త కళ"

రెండోది: "పెద్ద చెరువు గట్టు బండ్లకు ఎసరు"

రెండింటిలోనూ అబద్ధం లేదు. ఒకటి తప్పుడు హెడ్డింగైతే ప్రాజెక్టు అబద్ధాల గురించి అయిపోతుంది. మనకు కావలసింది ఒకే నిజానికి ఏ వైపు ముందు చూపిస్తున్నారన్న తేడా. రెండూ ఐదేసి మాటలు, రెండింటిలో చెరువు పేరు ఒకేచోట ఉంది. అక్షరాల సైజు, ఫాంటు, కాగితం రంగు, కింది వార్తలో ఫుల్‌స్టాపులతో సహా అన్నీ ఒకేలా ఉండాలి. ఒకదానికి ఆశ్చర్యార్థకం పెట్టి రెండోదానికి వదిలేస్తే, వచ్చిన తేడా మాట వల్ల వచ్చిందా గుర్తు వల్ల వచ్చిందా అన్నది ఎప్పటికీ తేలదు.

"మూడో హెడ్డింగు, ఎటూ మొగ్గనిది కూడా పెడితే బాగుంటుంది కదా" అని గైడ్ అడగవచ్చు. నిజమే, "చెరువు గట్టుపై పార్కు, 40 బండ్ల తరలింపు" అని పెడితే ఏ హెడ్డింగు ఎంత లాగిందో విడిగా తెలుస్తుంది. కాని 60 మందిని మూడు ముక్కలు చేస్తే ఒక్కో గుంపులో 20 మందే మిగులుతారు. అంత చిన్న గుంపుల్లో యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాటే పెద్దగా ఉంటుంది. 90 మంది పైన దొరికితేనే మూడో హెడ్డింగు జోలికి వెళ్లండి.

జిరాక్సుకు ఇచ్చేముందు, ప్రయోగంలో పాల్గొననివాళ్లు ఐదారుగురికి హెడ్డింగులు మాత్రమే చూపించి "కింద ఏ వార్త ఉంటుందనుకుంటున్నావు?" అని అడగండి. మొదటి హెడ్డింగుకు "చెరువు బాగుచేస్తున్నారు" అనీ, రెండోదానికి "బండ్లు తీసేస్తున్నారు" అనీ వస్తే సరే. రెండింటికీ ఒకే రకం జవాబు వస్తే హెడ్డింగులు మళ్లీ రాయాలి.

ప్రశ్నల కాగితం

వార్త ఉన్న కాగితం వేరు, ప్రశ్నల కాగితం వేరు. వార్త చదవడానికి మూడు నిమిషాలిచ్చి, ఆ కాగితం వెనక్కి తీసుకున్నాకే ప్రశ్నలు ఇవ్వాలి. ఐదు ప్రశ్నలు చాలు. వరుస కూడా ఇదే ఉండాలి.

1. మున్సిపల్ కౌన్సిల్ నిర్ణయం ఎంతవరకు సరైనది? 1 అంటే అస్సలు సరికాదు, 7 అంటే పూర్తిగా సరైనది.
2. కొత్త చోటికి వెళ్లాక బండ్లవాళ్ల ఆదాయం ఏమవుతుందనుకుంటున్నారు? 1 అంటే బాగా పడిపోతుంది, 7 అంటే బాగా పెరుగుతుంది.
3. వార్తలో మీకు గుర్తున్న మూడు విషయాలు మీ మాటల్లో రాయండి.
4. వార్తకు పెట్టిన హెడ్డింగు ఏమిటి?
5. ఈ పరిశీలన దేని గురించి అనుకుంటున్నారు?

హెడ్డింగు ప్రశ్న ముందు పెడితే దాన్ని మీరే గుర్తుచేసినట్టు అవుతుంది, అందుకే చివర్లో ఉంచాం. అసలు హెడ్డింగు చూడకుండా వార్తలోకి వెళ్లిపోయినవాళ్లు ఎవరో ఆ ప్రశ్నతో బయటపడతారు. ఐదో ప్రశ్న ఇంకో కాపలా. "హెడ్డింగు మార్చి చూస్తున్నారు" అని ఎవరైనా రాస్తే వాళ్లు గుట్టు కనిపెట్టేశారన్నమాట. వాళ్ల కాగితాలు పారేయవద్దు. వాళ్లతో కలిపి ఒకసారి, వాళ్లను తీసేసి ఒకసారి లెక్కకట్టి రెండూ రిపోర్టులో చూపించండి.

మూడో ప్రశ్నే నాకు అన్నిటికంటే ఇష్టం. అంకెల స్కేలు మీద తేడా రాకపోయినా, ఎవరికి ఏది గుర్తుండిపోయిందన్న చోట హెడ్డింగు జాడ తరచుగా దొరుకుతుంది.

కాగితాలు పంచడంలోనే సగం ప్రాజెక్టులు చెడిపోతాయి

సులువుగా ఉంటుందని ఎంపీసీ సెక్షనుకు ఒక హెడ్డింగు, సీఈసీ సెక్షనుకు ఇంకోటి ఇస్తారు. అక్కడితో ప్రయోగం పోయినట్టే. రెండు గుంపులూ మొదటినుంచే వేరు. తేడా వచ్చినా అది గ్రూపు వల్లా హెడ్డింగు వల్లా అన్నది చెప్పలేం. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టే కాలేజీల్లో అయితే మరీ కష్టం. అలాగే చాలా తరగతుల్లో అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు ఒకవైపు కూర్చుంటారు. కుడివైపు వరుసలకు ఒకటి, ఎడమవైపుకు ఒకటి ఇస్తే మీరు కొలిచేది అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఉన్న తేడాను. ముందు బెంచీలు, వెనక బెంచీలకూ ఇదే మాట వర్తిస్తుంది.

ప్రతి సెక్షనులోనూ రెండు రకాల కాగితాలూ సమంగా కలవాలి. 30 మొదటి రకం, 30 రెండో రకం కాగితాలను మధ్యకు మడిచి, పేకముక్కలు కలిపినట్టు బాగా కలిపి వరుసగా పంచండి. వార్త కాగితం, ప్రశ్నల కాగితం రెండింటి వెనకా ఒకే వరుస సంఖ్య వేసి, ఏ సంఖ్య ఏ రకమో మీ దగ్గరున్న జాబితాలో మాత్రమే రాసుకోండి. పక్కవాళ్ల కాగితం చూస్తే గుట్టు తెలిసిపోతుంది కనుక మడత విప్పకముందే "ఎవరిది వాళ్లే చదవండి, మాట్లాడుకోవద్దు" అని చెప్పాలి. బెంచీకి ముగ్గురు కూర్చునే గదిలో ఈ మాట పనిచేయదు. పరీక్షల హాల్లో కూర్చున్నట్టు దూరంగా కూర్చోబెట్టడానికి వీలైన గంట అడిగి తీసుకోండి. ఇంకో సెక్షనులో కూడా చేయాలనుకుంటే అదే రోజు, విరామానికి ముందే చేసేయండి. ఇంటర్వెల్లో కబురు పాకకుండా ఉండదు.

ముందుగా ప్రిన్సిపాల్ అనుమతి, 18 ఏళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం తీసుకోవాలి. కాగితం మీద పేరు, రోల్ నంబరు రాయించకండి. ఇష్టం లేనివాళ్లు ఖాళీ కాగితం ఇచ్చేయవచ్చని చెప్పండి. అంతా అయ్యాక "ఈ వార్త మేం రాసింది, ఇలాంటి తీర్మానం ఏదీ జరగలేదు, మీకు రెండు రకాల హెడ్డింగులు ఇచ్చాం" అని అక్కడే చెప్పేయాలి. వార్త కాగితాలు లెక్కపెట్టి, ఒక్కటీ తగ్గకుండా వెనక్కి తీసుకోండి. ఒకరు ఫొటో తీసి ఊరి గ్రూపులో పెడితే మీ ప్రాజెక్టు కాగితమే పుకారు అవుతుంది.

లెక్క చూద్దాం

పద్ధతి అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. మొదటి ప్రశ్నకు "కొత్త కళ" చదివిన 30 మంది వేసిన అంకెల మొత్తం 156, అంటే సగటు 5.2. "ఎసరు" చదివిన 30 మందికి మొత్తం 126, సగటు 4.2. తేడా సరిగ్గా 1. ఇది హెడ్డింగు వల్ల వచ్చిందా, లేక పార్కు ఇష్టపడేవాళ్లు అనుకోకుండా ఒక గుంపులో ఎక్కువమంది పడ్డారా? ఎగ్జామినర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

దీనికి జవాబు చీటీలతో కనుక్కోవచ్చు. 60 మంది వేసిన అంకెలను 60 చీటీల మీద రాసి, రెండు గుంపులనూ ఒకే డబ్బాలో వేసి కలపండి. చూడకుండా 30 చీటీలు తీసి మొత్తం కట్టండి. అందరి మొత్తం 282 కనుక డబ్బాలో మిగిలినవాటి మొత్తం దానంతటదే తెలుస్తుంది. మీరు తీసిన 30 చీటీల మొత్తం 156 లేదా అంతకంటే ఎక్కువైనా, 126 లేదా అంతకంటే తక్కువైనా, హెడ్డింగుతో పని లేకుండా కేవలం అదృష్టం మీదే అంత తేడా వచ్చినట్టు లెక్క. ఇలా వందసార్లు చేయండి. అంత తేడా వందలో రెండు మూడు సార్లే వస్తే మీ ఫలితాన్ని యాదృచ్ఛికం అనడం కష్టం. ఇరవై సార్లు వస్తే నమ్మడానికి లేదు. ఐదు సార్లకు లోపు వస్తే తేడాను లెక్కలోకి తీసుకోవడం వాడుక.

నలుగురు కలిసి కూర్చుంటే ఒక మధ్యాహ్నంలో అయిపోయే పని ఇది. చీటీలు వద్దనుకుంటే స్ప్రెడ్‌షీట్‌లో రెండో కాలమ్‌లో, అంటే `B`లో, 2వ వరుస నుంచి 60 అంకెలు వేసి, పక్కన `A` కాలమ్‌లో ప్రతి వరుసకూ మొదటి సూత్రం పెట్టి, దాని ప్రకారం వరుస మార్చుతూ పోవచ్చు. రెండో సూత్రాన్ని విడిగా ఒక గడిలో పెడితే ప్రతిసారీ పైనున్న 30 మంది మొత్తం చెబుతుంది.

```
=RAND()
=SUM(B2:B31)
```

అయినా ఒక పదిసార్లైనా చీటీలతో చేయమనే నా సలహా. అదృష్టం ఎంత తేడా తెచ్చిపెట్టగలదో చేతులతో చూసినవాళ్లు వైవాలో తడబడరు.

మూడో ప్రశ్న జవాబులకు ఇంకో జాగ్రత్త కావాలి. "సంత పక్కన స్థలం ఇస్తారు" అన్న విషయం ఎవరికి గుర్తుంది, "బేరాలు పడిపోతాయి" అన్నది ఎవరికి గుర్తుంది అని టిక్కులు పెట్టుకుంటూ పోవాలి. ఆ పని చేసేవాళ్లకు ఏ కాగితం ఏ రకమో తెలియకూడదు. తెలిస్తే చెయ్యి మనకు కావలసిన వైపుకు వంగుతుంది. ఇద్దరు విడివిడిగా టిక్కులు పెట్టి తర్వాత పోల్చుకోండి. ఇద్దరికీ ఎక్కువచోట్ల కుదరకపోతే, ఏది "గుర్తున్నట్టు" లెక్కో ముందే రాసుకోలేదన్నమాట. "వేరే చోటు ఇస్తారట" అన్నదాన్ని కూడా లెక్కించాలా అన్నది మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి. "ఎసరు" చదివినవాళ్లలో కొత్త స్థలం సంగతి గుర్తున్నవాళ్లు తక్కువగా తేలితే మీకు మంచి ఫలితం దొరికినట్టే. వార్తలో ఉన్న సమాచారమే అయినా ఏది మనసులో నిలవాలో హెడ్డింగు ఎంచిపెట్టిందని రాయవచ్చు.

తేడా రాకపోతే? అదీ ఫలితమే. తేడా రాలేదనే రాయండి. నాలుగో ప్రశ్నకు సగంమంది హెడ్డింగు తప్పు రాస్తే, వాళ్లు దాన్ని పట్టించుకోలేదన్నది కారణం కావచ్చు. మొదటి ప్రశ్నకు అందరూ 6, 7 వేస్తే ఎంచుకున్న వార్తే ఒకవైపు ఒరిగిందన్నమాట.

అదే చెరువు గట్టు మీద మీమ్

మీమ్‌ను కొలవడానికీ ఇదే వార్త వాడుకోవచ్చు. "బండ్లు పోయి బెంచీలు వస్తాయి, బెంచీ మీద కూర్చుని ఏం తింటాం?" అన్న వాక్యాన్ని ఒక గుంపుకు ఉత్త వాక్యంగా, ఇంకో గుంపుకు తెలిసిన హాస్యనటుడి ముఖం మీద అచ్చువేసి ఇవ్వండి. వాదన ఒకటే, రూపం వేరు. బ్రహ్మానందం ముఖం లాంటివి మన మీమ్స్‌లో అందరికీ పరిచయమే కనుక నవ్వు రావడానికి వివరణ అక్కర్లేదు. పెద్ద హీరో బొమ్మ మాత్రం వాడవద్దు. అభిమానులు, ఇంకో హీరో అభిమానులు రెండుగా చీలి, మీరు కొలిచేది అభిమాన సంఘాల మధ్య దూరం అవుతుంది. కులం, పార్టీ తగిలే టెంప్లేట్ల సంగతి చెప్పనక్కర్లేదు.

మీమ్స్‌కు మరింత బాగా కుదిరే ఇంకో అంశం ఉంది. 1983లో డబ్ల్యూ. ఫిలిప్స్ డేవిసన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక సంగతి గుర్తించి రాశాడు. మీడియా ప్రభావం తనకంటే ఇతరుల మీద ఎక్కువ ఉంటుందని మనుషులు అనుకుంటారని. దీన్ని మూడో వ్యక్తి ప్రభావం అంటారు. ఒకే మీమ్ చూపించి "దీనివల్ల నీ అభిప్రాయం ఎంత మారింది?", "నీ క్లాసువాళ్లది ఎంత మారుతుంది?", "పదో తరగతి పిల్లలది ఎంత మారుతుంది?" అని మూడు ప్రశ్నలు, ఒకే 1 నుంచి 7 స్కేలు మీద అడగండి. సగం కాగితాల్లో ప్రశ్నల వరుస తిరగేయండి. లేకపోతే మొదటి జవాబు మిగతావాటిని లాగుతుంది. దూరం పెరిగేకొద్దీ అంకె పెరిగితే డేవిసన్ చెప్పింది మీ క్లాసులోనూ కనిపించినట్టు. దీనికి రెండు గుంపులు కూడా అక్కర్లేదు కనుక 30 మంది ఉన్న చిన్న తరగతికి ఇది సరిపోతుంది.

ప్రకటనకైతే ర్యాంకుల పేజీ

తెలుగు టీనేజర్ల మీద ప్రకటనల ప్రభావం చూడాలంటే కూల్‌డ్రింకులు, షాంపూలు వెతుక్కోవడం నాకు దండగ అనిపిస్తుంది. ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీ తీయండి. జేఈఈ, నీట్, ఈఏపీసెట్ ర్యాంకులు, పాస్‌పోర్టు సైజు ఫొటోల వరుసలు, పెద్ద పెద్ద ఒకట్లూ రెండ్లూ. ఏ కాలేజీలో చేరాలి, ఎంత అప్పు చేయాలి అన్న నిర్ణయాలు మన ఇళ్లలో ఈ పేజీ చుట్టూ తిరుగుతాయి. ఇంతకన్నా దగ్గరి అంశం ఇంకోటి దొరకదు.

అలాంటి ప్రకటనలో తరచుగా కనిపించని అంకె ఒకటుంది: మొత్తం ఎంతమంది రాశారు అన్నది. మీ ప్రయోగం దానిమీదే కట్టవచ్చు. లేని కాలేజీ పేరుతో రెండు ప్రకటనలు తయారుచేయండి. ఒకదానిలో "100 లోపు ర్యాంకులు 6", రెండోదానిలో "పరీక్ష రాసిన మా విద్యార్థులు 12,000, అందులో 100 లోపు ర్యాంకులు 6". ఫొటోల స్థానంలో ఖాళీ ముఖాల బొమ్మలు పెట్టండి, నిజమైన విద్యార్థుల ఫొటోలు వాడకండి. "ఇక్కడ చేరిన మామూలు విద్యార్థికి మంచి ర్యాంకు వచ్చే అవకాశం ఎంత?" అని 1 నుంచి 7 మీద అడగండి. పంపకం, చీటీలు అన్నీ పైన చెప్పినట్టే.

దీనికి చట్టం వైపు నుంచి కూడా ఒక పేజీ రాయవచ్చు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సంస్థల తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. ర్యాంకు వచ్చిన విద్యార్థి పేరు, ఫొటో వాడాలంటే ఫలితం వచ్చిన తర్వాత రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఆ విద్యార్థి అక్కడ ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో ప్రకటనలో చెప్పాలి. నెల రోజుల పేపర్లలోంచి ర్యాంకుల ప్రకటనలు కత్తిరించి, కోర్సు వివరం ఎన్నింటిలో ఉంది, మొత్తం విద్యార్థుల సంఖ్య ఎన్నింటిలో ఉంది అని పట్టిక వేస్తే ప్రయోగానికి తోడుగా మంచి పరిశీలన అవుతుంది.

ప్రకటనను వార్తగా పొరబడటం మీద చేయాలనుకునేవాళ్లు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని చరిత్ర విద్యా బృందం 2016లో ఇచ్చిన నివేదిక చూడండి. "స్పాన్సర్డ్ కంటెంట్" అని రాసి ఉన్న ప్రకటనను కూడా అమెరికా మిడిల్ స్కూలు విద్యార్థుల్లో 80 శాతానికి పైగా నిజమైన వార్తే అనుకున్నారు. మన పత్రికల్లో వార్తలాగే అచ్చయ్యే ప్రత్యేక పేజీలతో ఇది చేయవచ్చు. ఎన్నికల వేళ డబ్బు తీసుకుని వేసే వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో నివేదిక ఇచ్చింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరు తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి, రెండోవారు పరంజయ్ గుహ ఠాకుర్తా.

రిపోర్టులో ఎంతవరకు చెప్పాలి

"టీనేజర్లు హెడ్డింగులకు లొంగిపోతారు" అని రాయకండి. మీరు చూసింది ఒక కాలేజీలో 60 మందిని, ఒక వార్త మీద, చదివిన పది నిమిషాల్లోపు. "ఈ వార్త విషయంలో, చదివిన వెంటనే, మా సెకండియర్ విద్యార్థుల అభిప్రాయంలో 7 పాయింట్ల స్కేలు మీద ఒక పాయింటు తేడా కనిపించింది" అన్నదే మీ ఫలితం. ఆ ముద్ర నిలుస్తుందో లేదో తెలియాలంటే వారం తర్వాత అదే మొదటి ప్రశ్న మళ్లీ అడగాలి. అలా చేయదలచుకుంటే "వార్త మేం రాసింది" అన్న సంగతి రెండో విడత అయ్యేదాకా చెప్పకుండా ఆగాల్సి వస్తుంది. ఆ వారమంతా ఒక లేని తీర్మానాన్ని పిల్లలు నిజమనుకుంటారు. ఊరి పేరు లేని చెరువు వార్తకైతే గైడ్ ఒప్పుకోవచ్చు, ర్యాంకుల ప్రకటనకు మాత్రం నేను వద్దంటాను. చేరే కాలేజీని ఎంచుకునే వయసులో ఉన్నవాళ్లకు వారం రోజులు తప్పుడు ప్రకటన వదిలేయకూడదు.

అనుబంధంలో రెండు హెడ్డింగుల కాగితాలు ఉన్నవి ఉన్నట్టు, ఖాళీ ప్రశ్నపత్రం, 60 మంది అంకెల పట్టిక, చీటీల వంద మొత్తాలు, టిక్కులు పెట్టిన నియమాలు జతచేయండి. ఎగ్జామినర్ వాటిలోంచి ఏదో ఒక వరుస సంఖ్య తీసి "ఈ కాగితం ఏ రకం, ఇందులో ఏం గుర్తుందని టిక్కు పెట్టారు?" అని అడిగితే, జాబితా చూసి వెంటనే చెప్పగలిగేలా అసలు కాగితాలను అదే వరుసలో కట్టి దగ్గరుంచుకోండి.